ఒక ఎన్‌కోడరు, ఇద్దరు డీకోడర్లు: ముఖం మారేది ఎక్కడ?

(రికార్డింగు విని టైపు చేసిన పాఠం. తడబాట్లు మాత్రమే తీసేశాం.)

ఇద్దరు మనుషులున్నారు అనుకుందాం. ఒకాయన బావ, ఇంకొకాయన బామ్మర్ది. ఇద్దరూ సరేనన్నారు, మన ప్రయోగానికి ముఖాలు ఇచ్చారు. బామ్మర్ది మాట్లాడుతున్న వీడియో ఒకటి ఉంది. అందులో బామ్మర్ది ముఖం తీసేసి బావ ముఖం పెట్టాలి. నవ్వు బామ్మర్దిదే, తల తిప్పడం బామ్మర్దిదే, ముఖం మాత్రం బావది. ఇదీ మన పని.

మామూలుగా మెషీన్‌కి ఏదైనా నేర్పాలంటే ఏం కావాలి? ప్రశ్న, జవాబు, రెండూ కావాలి. బామ్మర్ది సగం నవ్వుతూ ఎడమకి కాస్త తిరిగిన ఫొటో ప్రశ్న అయితే, బావ సరిగ్గా అంతే నవ్వుతూ, అంతే తిరిగి, అదే వెలుతురులో ఉన్న ఫొటో జవాబు. అలాంటి జత ఒక్కటైనా మన దగ్గర ఉందా? లేదు. ఎవరి దగ్గరా ఉండదు. బావ ఫొటోలు ఒక కుప్ప, బామ్మర్ది ఫొటోలు ఇంకో కుప్ప, అంతే. మరి జవాబు ఒక్కసారి కూడా చూపించకుండా ఈ ముఖం మార్చడం అది ఎలా నేర్చుకుంది? ఈ ప్రశ్న గట్టిగా పట్టుకోండి. ఇవాళ నేను చెప్పేదంతా దీని చుట్టూనే తిరుగుతుంది.

నేను తీసుకునే మోడల్ 2017 చివర్లో రెడిట్‌లో "డీప్‌ఫేక్స్" అనే పేరుతో ఒకరు బయటపెట్టింది. డీప్‌ఫేక్ అన్న మాట అక్కడినుంచే పుట్టింది. తర్వాత వచ్చినవి ఇంతకంటే పెద్దవి, ఇంతకంటే బాగా గీస్తాయి. కానీ అస్థిపంజరం చూడాలంటే చిన్నదే మంచిది. ఎముకలు బయటికి కనిపిస్తాయి కాబట్టి.

ఆటోఎన్‌కోడరు అంటే ఏమిటో మీలో చాలామందికి తెలుసు, అయినా ఒక్క నిమిషం. బొమ్మ లోపలికి వెళ్తుంది, అదే బొమ్మ బయటికి రావాలి. ఇదేం పని, జిరాక్స్ మిషను చెయ్యదా అంటారు. చేస్తుంది. కానీ మధ్యలో ఒక ఇరుకు సందు పెడతాం. 64 బై 64 రంగు బొమ్మ అంటే 12,288 సంఖ్యలు. ఆ సందులో పట్టేవి 1024. పన్నెండింట ఒక వంతు. ఆ సందులోకి కుదించేది ఎన్‌కోడరు, అందులోంచి బయటికి తీసి మళ్ళీ బొమ్మ గీసేది డీకోడరు.

దీన్ని ఇలా ఊహించుకోండి. ఎన్‌కోడరు ముఖం చూసి ఒక చీటీ రాస్తాడు. డీకోడరు ముఖాన్ని చూడడు, పక్క గదిలో కూర్చుని చీటీ చదివి బొమ్మ గీస్తాడు. చీటీ చిన్నది. అన్నీ రాయడానికి చోటు లేదు. మరి ఏం రాయాలి? ఏది రాయకపోయినా డీకోడరు సొంతంగా గీయగలడో అది వదిలెయ్యాలి. ఏది చెప్పకపోతే అతనికి తెలియదో అదే రాయాలి.

ఇప్పుడు అసలు సంగతి. ఎన్‌కోడరు ఒక్కడే. డీకోడర్లు ఇద్దరు. ఒక డీకోడరు పుట్టినప్పటినుంచి బావనే గీస్తాడు, ఇంకొకడు బామ్మర్దినే గీస్తాడు. కోడ్‌లో చూస్తే ఇంతే:

```python
autoencoder_A = Model(x, decoder_A(encoder(x)))
autoencoder_B = Model(x, decoder_B(encoder(x)))

loss_A = autoencoder_A.train_on_batch(warped_A, target_A)
loss_B = autoencoder_B.train_on_batch(warped_B, target_B)
```

A అంటే బావ, B అంటే బామ్మర్ది. రెండు లైన్లలోనూ `encoder` అన్నది ఒకటే వస్తువు, రెండు కాపీలు కాదు. బావవి 64 ఫొటోలు వెళ్తాయి, డీకోడర్ A గీస్తాడు, తప్పు ఎంతో లెక్కగడతాం, ఎన్‌కోడరూ డీకోడర్ A కొంచెం దిద్దుకుంటారు. వెంటనే బామ్మర్దివి 64. ఈసారి ఎన్‌కోడరూ డీకోడర్ B దిద్దుకుంటారు. మళ్ళీ బావ, మళ్ళీ బామ్మర్ది. ఇలా వేలసార్లు, పదులవేలసార్లు. ఎన్‌కోడరుకి రెండువైపులనుంచీ మొట్టికాయలు పడతాయి, డీకోడర్లకి ఒక్కో వైపునుంచే.

ఈ వంతులు ముఖ్యం. రోజంతా బావతో నేర్పి, రేపు బామ్మర్దితో నేర్పుదాం అనుకుంటే కుదరదు. రెండోరోజు ఎన్‌కోడరు బామ్మర్దికి అనువుగా చీటీ భాష మార్చేసుకుంటాడు. డీకోడర్ A నిన్నటి భాషలోనే ఉండిపోతాడు. చీటీ అందుతుంది, అర్థం కాదు.

కొలతలు ఒకసారి చూద్దాం, ఎందుకంటే బరువు ఎక్కడుందో తెలిస్తే సగం అర్థమైనట్టే. ఎన్‌కోడరులో నాలుగు కన్వల్యూషన్ పొరలు, ఒక్కోటి బొమ్మని సగానికి సగం తగ్గిస్తుంది: 64 నుంచి 32, 16, 8, 4. ఛానెళ్ళు, అంటే ఒక్కో చోట ఉంచుకునే సంఖ్యలు, మాత్రం 128, 256, 512, 1024 అని పెరుగుతాయి. తర్వాత 1024 సంఖ్యల సందు. సందు దాటాక మళ్ళీ 4 బై 4కి విప్పి, 8 బై 8కి పెంచి డీకోడరుకి ఇస్తారు. ఈ విప్పడం కూడా ఎన్‌కోడరు ఖాతాలోనే ఉంది, గమనించండి. అంతా కూడితే ఎన్‌కోడరులో దాదాపు 6.97 కోట్ల వెయిట్లు, అంటే నేర్చుకుంటూ దిద్దుకునే సంఖ్యలు. ఒక్కో డీకోడరులో? 62 లక్షలు. పదకొండో వంతు! అంటే తెలివంతా ఉమ్మడి ఆస్తి. బావకి సొంతం, బామ్మర్దికి సొంతం అన్నది చివర్లో ఉన్న ఆ చిన్న వాటా మాత్రమే.

ఇప్పుడు మార్పిడి. ట్రైనింగ్ అయిపోయాక బామ్మర్ది ఫొటోని ఎన్‌కోడరుకి ఇస్తాం. చీటీ వస్తుంది. ఆ చీటీని డీకోడర్ Bకి ఇవ్వకుండా డీకోడర్ Aకి ఇస్తాం. కోడ్‌లో `autoencoder_A.predict(face_B)`, అంతే. డీకోడర్ A జన్మలో బావ ముఖం తప్ప ఇంకేదీ గీయలేదు. "నోరు ఇంత తెరిచి ఉంది, కళ్ళు కుడివైపు చూస్తున్నాయి, వెలుతురు పైనుంచి పడుతోంది" అని చీటీలో ఉంది. అతను తనకి వచ్చిన ముఖంతోనే అది గీస్తాడు.

ఇదే పని ఇద్దరు ఎన్‌కోడర్లతో చేస్తే? ట్రైనింగ్ చక్కగా జరుగుతుంది, తప్పులు తగ్గుతాయి. కానీ చీటీ మార్చి ఇస్తే చెత్త వస్తుంది. ఎందుకంటే 37వ సంఖ్యని ఒకడు నోరు తెరవడానికి వాడుకుంటే, ఇంకొకడు తల తిప్పడానికి వాడుకుని ఉంటాడు. ఇద్దరికీ ఒకే భాష ఉండాలన్న నిర్బంధం ఎక్కడా లేదు. ఒకే ఎన్‌కోడరు ఉండటమే ఆ నిర్బంధం.

బాగుంది కదా? అందరూ ఇక్కడిదాకా చెప్పి ఆపేస్తారు. కానీ ఇక్కడ ఒక చిల్లు ఉంది. మీలో ఎవరికైనా అనుమానం వచ్చిందా? ఎన్‌కోడరు ఒక్కడే అయినంత మాత్రాన ఒకే భాష వాడాలని ఏముంది? బావ ఫొటో వస్తే ఒక భాష, బామ్మర్ది ఫొటో వస్తే ఇంకో భాష వాడొచ్చుగా? ఒకే మనిషి ఇంట్లో తెలుగు, ఆఫీసులో ఇంగ్లీషు మాట్లాడడూ? మనం కొలిచే ఆ తప్పు లెక్కలో, అదే లాస్‌లో దీన్ని ఆపే పదం ఒక్కటీ లేదు. బావని బావగా, బామ్మర్దిని బామ్మర్దిగా తిరిగి గీస్తే చాలు, మార్కులు పడతాయి.

కాబట్టి దాన్ని ఆపేది సూత్రం కాదు, పరిస్థితులు. ఒకటి, చోటు ఇరుకు. రెండు భాషలు పెట్టుకోవడం దండగ. ఒకే "నోరు తెరిచి ఉంది" అన్న మాట ఇద్దరికీ పనికొస్తే చోటు మిగులుతుంది. రెండు, ముఖాలన్నీ ఒకే చట్రంలో సర్ది ఇస్తాం. ముఖం మీద 68 గుర్తులు కనిపెట్టి, కళ్ళు, ముక్కు, నోరు ప్రతి ఫొటోలోనూ ఒకే చోటికి వచ్చేలా తిప్పి, 256 పిక్సెళ్ళ చదరంగా కోస్తాం. అప్పుడు ఇద్దరి బొమ్మలూ ముందే చాలావరకు ఒకలా కనిపిస్తాయి. ఈ సర్దుబాటు చెడితే పైన ఎన్ని మాయలు చేసినా లాభం లేదు. పదివేల ఫొటోలుంటే వాటిలో గోడమీది కేలెండరు బొమ్మ, వెనకాల నిలబడ్డ మూడో మనిషి, ముక్కుని నోరనుకుని కోసిన ముక్క, ఇలాంటివి తప్పకుండా ఉంటాయి. కూర్చుని ఏరాలి. విసుగు పని, కానీ తప్పదు.

మూడోది, నాకు అన్నిటికంటే ముచ్చటైనది, వంకర పెట్టడం. కోడ్‌లో `warped_A`, `target_A` అని రెండున్నాయి చూశారా? లోపలికి వెళ్ళేదీ, బయటికి రావలసిందీ ఒకే బొమ్మ కాదు. 256 చదరంలో మధ్య 160 పిక్సెళ్ళ భాగం మీద అయిదు వరసలు, అయిదు నిలువులు, మొత్తం 25 చుక్కలు పెడతారు. ఒక్కో చుక్కకీ చుక్కకీ మధ్య 40 పిక్సెళ్ళు. ప్రతి చుక్కనీ యాదృచ్ఛికంగా ఒక అయిదు పిక్సెళ్ళ మేర అటో ఇటో జరుపుతారు. రబ్బరు షీటు మీద ముఖం గీసి అక్కడక్కడా గిల్లినట్టు. ముక్కు కాస్త వంకరపోతుంది, ఒక దవడ ఉబ్బుతుంది. ఆ వంకర ముఖం ఎన్‌కోడరుకి ఇచ్చి, వంకర లేని ముఖం గీయమంటారు.

ఇక్కడ ఒక సున్నితమైన సంగతి ఉంది. చుక్కలు జరిగినప్పుడు ముఖం మొత్తం కొంచెం పక్కకో, కొంచెం తిప్పినట్టో కూడా అవుతుంది. ఆ మొత్తపు కదలికని లెక్కగట్టి, జవాబు బొమ్మని కూడా అంతే జరుపుతారు. ఉమెయామా పద్ధతి అంటారు దాన్ని. అలా చేస్తే మోడల్ విప్పవలసింది ఆకారంలోని వంకర ఒక్కటే. స్థానం, వంపు చీటీలో నిజాయితీగా రాయాలి.

దీనివల్ల ఏం జరుగుతుంది? చీటీలో ముక్కు పొడవు ఎంత, దవడ వెడల్పు ఎంత అని రాసి ప్రయోజనం లేకుండా పోతుంది. కనిపించే ముక్కు ప్రతిసారీ అబద్ధమే! డీకోడర్ A తన బావ ముక్కు తనే గుర్తుపెట్టుకోక తప్పదు. అంటే మనిషి ఎవరన్నది చీటీలోంచి జారి డీకోడరులోకి వెళ్ళిపోతుంది. ఇంకోటి చూడండి. డీకోడర్ A దృష్టిలో ప్రపంచం ఎలాంటిది? "నాకు వంకరపోయిన బావ చీటీ వస్తుంది, నేను సరిచేసి గీస్తాను." ట్రైనింగ్ అంతా ఇదే. రేపు బామ్మర్ది చీటీ వస్తే అతనికి అది ఇంకో రకం వంకరపోయిన బావ. సరిచేసి గీస్తాడు. మొదట్లో అడిగిన ప్రశ్నకి జవాబు ఇది. జవాబు ఫొటోలు లేవన్నాం కదా, వాటి పని ఈ వంకరలు చేస్తున్నాయి.

అందుకే వంకర తీసేసి ట్రైనింగ్ చేస్తే ఒక వింత కనిపిస్తుంది. లాస్ ఇంకా త్వరగా తగ్గుతుంది, మార్పిడి మాత్రం పాడవుతుంది. కొత్తవాళ్ళు అక్కడే బోల్తా పడతారు.

నాలుగోది రంగు. బావ ఫొటోలన్నీ ఇంట్లో ట్యూబ్‌లైట్ కింద, బామ్మర్దివన్నీ పొలంలో ఎండలో తీశారనుకోండి. ఎన్‌కోడరుకి ముఖం చూడాల్సిన పనే లేదు. నీలిగా ఉంటే బావ, పసుపుగా ఉంటే బామ్మర్ది. రెండు భాషలకి దారి తలుపులు బార్లా తీసినట్టే. అందుకే ఆ మొదటి కోడ్‌లోనే ట్రైనింగుకి ముందు ఒక లైను ఉంటుంది:

```python
images_A += images_B.mean(axis=(0,1,2)) - images_A.mean(axis=(0,1,2))
```

బావ ఫొటోల సగటు రంగుని బామ్మర్ది ఫొటోల సగటుకి తెచ్చి కలుపుతారు. మోటు మందే, కానీ పనిచేస్తుంది. సగటు ఒక్కటే కలుస్తుంది, నీడలు కలవవు. కాబట్టి ఇద్దరినీ రెండుమూడు రకాల వెలుతురులో తీయడమే అసలు మందు.

ఇప్పుడు, పని సరిగ్గా జరుగుతోందని ఎలా తెలుస్తుంది? లాస్ చూస్తామంటారు. ఈ మోడల్‌లో లాస్ అంటే పిక్సెలుకి పిక్సెలు తేడాల సగటు, సున్నా నుంచి ఒకటి కొలతమీద. అది 0.02 దగ్గరికి వచ్చిందంటే, 255 కొలతలో ప్రతి పిక్సెలూ సగటున అయిదు మెట్లు తప్పుతోందన్నమాట. బాగానే ఉంది. కానీ ఏది బాగుంది? బావ నుంచి బావ బాగుంది. బామ్మర్ది నుంచి బామ్మర్ది బాగుంది. మనకి కావలసిన బామ్మర్ది నుంచి బావ ఆ అంకెలో లేదు! మళ్ళీ చెప్తున్నాను, లాస్ అంకెలో మార్పిడి అన్నదే లేదు. అది కొలవడానికి జవాబు ఫొటో ఉండాలిగా, లేదుగా.

కాబట్టి కంటితో చూడాల్సిందే. ప్రివ్యూలో ఒక్కో ముఖానికి మూడు గళ్ళు ఉంటాయి. మొదటిది అసలు ఫొటో, రెండోది సొంత డీకోడరు గీసింది, మూడోది ఎదుటి డీకోడరు గీసింది. మొదట్లో రెండూ మూడూ ఒకే మసక ముద్ద. తర్వాత కళ్ళు, నోరు తేలతాయి. రెండో గడి తేటగా ఉండి, మూడోది మట్టిరంగు తిరిగి, ఎంత నవ్వినా నోరు కదలకుండా ఉందంటే, రెండు భాషలు తయారైనట్టు. ఇంకా ట్రైనింగ్ చేస్తే బాగవుతుందని కూర్చోకండి, బాగవదు. వెనక్కి వెళ్ళి వెలుతురు, కోతలు, వంకర చూసుకోండి. రెండో గడే మసకగా ఉంటే అది వేరే జబ్బు. దానికి మాత్రం ఓపిక పట్టాలి.

మూడో గడి చాలా ముఖాలకి బాగుండి, కొన్నిటికే చెడితే? అది ఫొటోల లోటు. డీకోడర్ A బావని ఏ భంగిమలో చూడలేదో ఆ భంగిమలో గీయలేడు. కనురెప్పలు మంచి ఉదాహరణ. మనం దాచుకునే ఫొటోల్లో కళ్ళు మూసినవి ఎన్ని? మూసుకుంటే ఇంకోటి తీయమంటాం, మూసింది డిలీట్ చేస్తాం. అలాంటి ఫొటోలతో నేర్చిన డీకోడరుకి "కళ్ళు మూసి ఉన్నాయి" అని చీటీ వెళ్తే, సగం తెరిచిన కళ్ళు గీస్తాడు, లేదా రెప్ప మీద కనుపాప మరక వేస్తాడు. 2018లో ఆల్బనీ యూనివర్సిటీలో సివే ల్యూ, ఆయన తోటివాళ్ళు ఈ లోటునే పట్టుకుని, రెప్ప వేయని తీరునిబట్టి దొంగ వీడియోలు గుర్తించవచ్చని పేపరు రాశారు. ఆ కిటుకు ఎక్కువ కాలం చెల్లలేదు. ఫొటోలకి బదులు వీడియోనుంచి ఫ్రేములు తీస్తే రెప్పలు వాటంతట అవే వస్తాయి. బావని వీడియో తీయండి, మాట్లాడించండి, పైకీ కిందకీ పక్కకీ చూడమనండి. ఒకే ఫ్రేము లాంటివి వెయ్యి ఉండటం కంటే వేర్వేరువి అయిదొందలు మేలు.

ఇక్కడే పుట్టుమచ్చ సంగతి చెప్పాలి. ఫొటోల సంఖ్య పెంచడానికి ట్రైనింగులో కొన్నిటిని అద్దంలోలా కుడిఎడమలు తిప్పుతారు, ఆ మొదటి కోడ్‌లో వందకి నలభై. బావకి ఎడమ చెంప మీద పుట్టుమచ్చ ఉందనుకోండి. డీకోడరు కొన్నిసార్లు ఎడమన చూశాడు, కొన్నిసార్లు కుడిన చూశాడు. ఏం చేస్తాడు? రెండు చెంపల మీదా పలచగా రెండు మచ్చలు వేస్తాడు. పాపిడి తీసిన నుదురు, ఒకవైపు ఎత్తిన కనుబొమ్మ, అన్నిటికీ ఇదే గతి. అలాంటి ముఖమైతే తిప్పడం మానేయండి.

ఆ పలచదనం మచ్చకే కాదు, మొత్తం బొమ్మకీ ఉంది. తేడాల సగటు తగ్గించమని చెప్పాం కదా, ఏ వెంట్రుక ఎక్కడుందో చీటీలో లేనప్పుడు, ఒక వెంట్రుక గీసి తప్పు చోట పెట్టడం కంటే మధ్యరకం నలుపు పూయడమే డీకోడరుకి లాభం. అందుకే మీసం పోగుల్లా కాకుండా బొగ్గు రాసినట్టు ఉంటుంది. పళ్ళు విడివిడిగా కాకుండా ఒకే తెల్ల పట్టీలా ఉంటాయి. పైగా బొమ్మ 64 పిక్సెళ్ళే. వీడియోలో ముఖం 300 పిక్సెళ్ళుంటే అయిదు రెట్లు సాగదీయాలి. ఫోన్లో దూరంగా నిలబడ్డ మనిషికి సరిపోతుంది, క్లోజప్‌కి సరిపోదు.

చివరి పని, గీసిన ముఖాన్ని తిరిగి ఫ్రేములో అతికించడం. సర్దినప్పుడు ఎంత తిప్పామో అంత వెనక్కి తిప్పి, ముఖం గుర్తుల చుట్టూ మాస్క్ గీసి, అంచులు లోపలికి కొంచెం తగ్గించి, మసక చేసి, చర్మం రంగు కలిపి పెడతాం. మారేది మాస్క్ లోపలే అన్నది మరిచిపోకండి. జుట్టు, చెవులు, మెడ, తల ఆకారం బామ్మర్దివే. సన్న ముఖం మీద గుండ్రటి ముఖం పెడితే పెట్టినట్టు తెలుస్తుంది. బామ్మర్దికి కళ్ళజోడు ఉండి బావకి లేదనుకోండి. డీకోడర్ A కళ్ళజోడు ఎప్పుడూ గీయలేదు కాబట్టి అద్దాలు మాయం. కానీ కణతల దగ్గర మాస్క్ ఆగిపోతుంది. అక్కడినుంచి చెవిదాకా కళ్ళజోడు కాడలు రెండూ అలాగే మిగులుతాయి, గాల్లోంచి పుట్టినట్టు! ముఖం మీదుగా చెయ్యి వెళ్తే, ఆ ఫ్రేముల్లో వేళ్ళు ముఖం కింద కరిగిపోతాయి. ఫ్రేము ఫ్రేముకీ 68 గుర్తులు ఒకటి రెండు పిక్సెళ్ళు ఊగితే, అతికించిన ముఖం జ్వరం వచ్చినట్టు వణుకుతుంది. వరస ఫ్రేముల్లో గుర్తుల్ని సగటు చేస్తే వణుకు తగ్గుతుంది, ఎక్కువ చేస్తే ముఖం తలకంటే ఆలస్యంగా కదులుతుంది.

వెనకనుంచి ఎవరో అడుగుతున్నారు, మూడో మనిషి వస్తే మొదటినుంచీ చెయ్యాలా అని. అక్కర్లేదు. ఎన్‌కోడరు అలాగే ఉంచి కొత్త డీకోడరు ఒకటి పెట్టండి. చీటీ రాయడం ఎన్‌కోడరుకి వచ్చు కాబట్టి మొదటిసారి కంటే త్వరగా తేలుతుంది. అయితే ఎన్‌కోడరుని గడ్డకట్టించి వదిలేయకండి, దాన్నీ నేర్చుకోనివ్వండి. ఇప్పటిదాకా చూసింది రెండు ముఖాలే, మూడోదాని గడ్డం అది ఎన్నడూ చూడలేదు. నేర్చుకునేటప్పుడు బావ, బామ్మర్ది ఫొటోలు కూడా వంతులవారీగా వేస్తూ ఉండండి. లేకపోతే కొత్తాయన బాగా వస్తాడు, పాత డీకోడర్లు ఇద్దరూ చీటీ అర్థంకాక కూర్చుంటారు.